నోట్లో ఏమీ పెట్టొద్దు: ఫిట్స్ ప్రథమ చికిత్స కాగితాన్ని తెలుగులో రాసిన అనుభవం

నరాల వార్డు నుంచి ఫిట్స్ పేషెంటును ఇంటికి పంపేటప్పుడు బంధువుల చేతికి ఒక ప్రథమ చికిత్స కాగితం ఇస్తాం. మా దగ్గర మొదట ఉన్నది ఇంగ్లీషు కాగితం. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి మార్చి ఇస్తే సరిపోతుందనుకుంటారు ఎవరైనా. సరిపోలేదు. పదో పన్నెండో వాక్యాల మధ్యలో ఎక్కడో ‘నోట్లో ఏ వస్తువూ పెట్టకండి’ అని ఒక ముక్క ఉండేది. ఇంటివాళ్లు చదివి, తలూపి, స్కాన్ రిపోర్టుల కవర్లో దాచుకునేవారు. మళ్లీ ఫిట్స్ వచ్చినప్పుడు చెంచా పెట్టేవారు. ముందు పన్ను విరిగి ఓపీకి వచ్చినవాళ్ల కవర్లోనూ ఆ కాగితం మడత నలగకుండా ఉండేది.

చదవక కాదు, నమ్మక కాదు. ‘వద్దు’ అని మాత్రమే చెప్పే వాక్యం ఎదురుగా మనిషి బిగుసుకుపోతున్నప్పుడు పనిచేయదు. ఆ క్షణంలో ఇంట్లో వాళ్ల మనసులో ఉన్న భయం చాలా పెద్దది, చేతులు ఖాళీగా ఉన్నాయి. అందుకని వాక్యాలు మార్చడం ఆపి, కాగితాన్ని మొదటినుంచి వేరేగా రాసుకున్నాం. ముందు భయానికి జవాబు, వెంటనే చేతులకు పని, ఆ తర్వాతే మిగతావి. ఆ పనిలో తేలిన విషయాలన్నీ ఇక్కడ రాస్తున్నాను. కాగితం మీద పట్టనివి కూడా.

ఒక పెద్దావిడ కోడలి డిశ్చార్జి రోజు నన్ను నిలదీసి అడిగింది: “సిస్టరమ్మా, నువ్వేమో ఏమీ పెట్టొద్దంటావు. నాలుక తెగి కింద పడితే ఎవరిదమ్మా పూచీ?” మూఢనమ్మకం అని కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదిది. ఆవిడ నోటినుంచి రక్తం కారడం కళ్లారా చూసింది. కాబట్టి జవాబు కూడా నోటి లోపలికి వెళ్లే చెప్పాలి.

ఇంటివాళ్ల భయాలు మూడు. నాలుక మింగేస్తారని, నాలుక తెగిపోతుందని, పళ్లు గిట్టకరుచుకుని ఊపిరాడక పోతుందని.

నాలుక మింగడమన్నది జరగదు. అద్దం ముందు నాలుక పైకెత్తి చూసుకుంటే అడుగున సన్నటి పొరతాడు కనిపిస్తుంది. దాని వెనక ఉన్న మందపాటి కండ కింది దవడ ఎముకకే అతుక్కుని ఉంటుంది. దాన్ని గొంతులోకి మింగడం ఎవరివల్లా కాదు. అయితే ఈ భయం వెనక ఒక నిజం ముక్క ఉంది, దాన్ని దాచకుండా చెప్పడమే మేలు. కొట్టుకోవడం ఆగాక ఒళ్లంతా వదులైపోతుంది. అప్పుడు మనిషి వెల్లకిలా ఉంటే నాలుక మొదలు వెనక్కి వాలి గొంతుకు అడ్డం పడుతుంది. గురక లాంటి శబ్దం వచ్చేది అందుకే. దానికి విరుగుడు చెంచా కాదు. మనిషిని పక్కకి తిప్పితే నాలుక దానంతటదే ముందుకు, బుగ్గవైపు జారుతుంది, గురక తగ్గుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైనవాళ్లు మళ్లీ చెంచా జోలికి పోవడం తక్కువ. ఎందుకంటే వాళ్ల భయాన్ని మనం కాదనలేదు, దానికి పనికొచ్చే మందు చూపించాం.

నాలుక కొరుక్కోవడం నిజమే. కానీ అది ఎప్పుడు జరుగుతుందో చూడాలి. ఒళ్లంతా కొట్టుకునే రకం ఫిట్స్‌లో మొదట శరీరం కట్టెలా బిగుస్తుంది. దవడ మూసుకుపోయేది ఆ మొదటి సెకన్లలోనే, నాలుక పళ్ల మధ్య పడేదీ సాధారణంగా అప్పుడే. ఇంట్లో వాళ్లు గమనించి, వంటింట్లోకి పరుగెత్తి, చెంచా తెచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. ఇంకొకటి, ఫిట్స్‌లో నాలుక నలిగేది ఎక్కువగా పక్కన, దవడ పళ్ల దగ్గర. మనం చెంచా దూర్చేది ముందు పళ్ల మధ్య. అంటే చెంచా పెట్టగలిగినా అది కాపాడాల్సిన చోట ఉండదు. ఈ మాట చెప్పినప్పుడు చాలామంది తమ నాలుకను పక్కకి జరిపి చూసుకుంటారు. అక్కడ పట్టుబడుతుంది విషయం.

రక్తం సంగతి కూడా చెప్పాలి. కొద్దిపాటి రక్తం బోలెడు చొంగలో, నురగలో కలిసి చొక్కా అంతా ఎర్రగా అయిపోతుంది. చూసేవాళ్లకి నాలుక తెగిపోయిందనిపిస్తుంది. నిజానికి చాలావరకు పక్కన ఒక గాటు, కమిలిన మచ్చ. నాలుకకి రక్త ప్రసరణ ఎక్కువ కాబట్టి మానడమూ త్వరగానే మానుతుంది, ఎక్కువమందికి వారం పదిరోజుల్లో. పూర్తిగా తెలివి వచ్చాక చల్లటి నీళ్లతో పుక్కిలించి, రెండు మూడు రోజులు కారం, వేడి తగ్గించి, పెరుగన్నం లాంటివి తింటే చాలు. గాయం నోరు తెరుచుకుని రెండుగా విడినట్టు ఉన్నా, నొక్కిపట్టినా రక్తం ఆగకపోయినా కుట్లు అవసరమవుతాయి, ఆసుపత్రికి రావాలి. మానే గాయం కోసం మానని నష్టం తెచ్చుకోవద్దని ఆ పెద్దావిడకి చెప్పిన జవాబు. విరిగిన పన్ను మళ్లీ మొలవదు కదా.

మూడో భయం ఊపిరి. ఒళ్లు బిగిసినప్పుడు పెదాలు నీలంగా మారతాయి, ఊపిరి నిలిచినట్టు ఉంటుంది. చూసినవాళ్లు నోరు తెరిస్తే గాలి ఆడుతుందనుకుంటారు. అక్కడ అడ్డం పళ్లు కాదు. ఛాతీ కండరాలు కూడా దవడలాగే బిగిసిపోయి కొద్దిసేపు ఊపిరి తీయలేని స్థితి అది. నోరు బలవంతంగా తెరిచినా ఛాతీ కదలదు. ఆ బిగుతు సాధారణంగా పది ఇరవై సెకన్లలో సడలి, కొట్టుకోవడం మొదలవుతుంది. ఊపిరి ఎగుడుదిగుడుగా తిరిగి వస్తుంది. పళ్లు మూసుకుని ఉన్నా ముక్కునుంచి, పళ్ల సందుల్లోంచి గాలి వెళ్తూనే ఉంటుంది.

ఇక పెట్టిన వస్తువు ఏం చేస్తుందో. స్టీలు చెంచా ముందు పళ్లను విరుస్తుంది, చిగుళ్లు చీలుస్తుంది. విరిగిన పన్ను ముక్క ఊపిరితిత్తిలోకి జారితే దాన్ని తీయడానికి గొట్టం వేయాల్సి వస్తుంది. కర్రముక్క, పెన్ను అయితే విరిగి ముక్కలు గొంతులో పడతాయి. గుడ్డ మెత్తనిదే కదా అంటారు; అది చొంగతో తడిసి ముద్దై నాలుకను వెనక్కి నెట్టి, ఉన్న కాస్త దారినీ మూసేస్తుంది. వేలు పెట్టినవాళ్ల వేలు ఎముక దాకా తెగడం చూస్తాం. కొరికేవాళ్లకి తెలివి లేదు, వదలమంటే వదలరు. నీళ్లు అన్నిటికంటే ప్రమాదం. మింగే శక్తి ఆ సమయంలో పనిచేయదు కాబట్టి పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, తర్వాత నిమోనియా రావొచ్చు. ఫిట్స్ మాత్ర కూడా అంతే. ‘పొద్దున మాత్ర వేసుకోలేదు, అందుకే వచ్చింది’ అని అప్పుడే నోట్లో వేసేస్తుంటారు. మింగే మాత్ర పనిచేయడానికి ఎలాగూ చాలాసేపు పడుతుంది, ఈలోగా అది గొంతులో ఇరుక్కుంటుంది.

తాళాల గుత్తి నోట్లో పెట్టేది కాదు, చేతిలో పెట్టేది. అయినా దాని గురించి రాయకుండా కాగితం పూర్తవదు. ఇనుము పట్టుకోగానే తగ్గిందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లు చూసింది అదే. ఎక్కువ ఫిట్స్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. తాళాలు వెతికి, బిగుసుకున్న పిడికిలి విప్పి, అందులో పెట్టేసరికి ఆ రెండు నిమిషాలు గడిచిపోతాయి. తగ్గించింది గడియారం, పేరు తాళానికి వచ్చింది. ఉల్లిపాయ వాసనకీ, చెప్పు వాసనకీ ఇదే లెక్క. చేతిలో పెడితే ఏం పోయిందంటే, ఒక మనిషి తాళాల వెంట, ఇంకొకరు ఉల్లిపాయ వెంట పరుగెడితే పేషెంటు తల పట్టుకోవడానికి ఎవరూ మిగలరు. ముక్కు దగ్గర చెప్పు పెట్టి నొక్కితే ఉన్న గాలి కూడా తగ్గుతుంది.

ఇంత చెప్పాక చేతులకు పని ఇవ్వాలి. కొత్త కాగితంలో మొదటి వాక్యాలు ఇలా పెట్టుకున్నాం: ‘టైము చూడండి. తల కింద మడిచిన తువ్వాలు పెట్టండి. చుట్టూ ఉన్నవి జరపండి. పక్కకి తిప్పండి. నోరు ముట్టుకోవద్దు.’ నోటి మాట ఐదోదే అయినా, మొదటి నాలుగూ చేస్తున్న చేతులు నోటిదగ్గరికి వెళ్లవు. అదీ లెక్క.

ఒక ఇల్లు ఊహించుకుని నిమిషం నిమిషం చూద్దాం. పాతికేళ్ల అబ్బాయి, అరవై కిలోల మనిషి, ఇంతకుముందు ఫిట్స్ ఉన్నవాడు, హాల్లో టీపాయ్ పక్కన నిలబడి ఉన్నాడు. టైము సాయంత్రం 7:10. ఒక్కసారిగా పెద్ద కేక. అది నొప్పితో అరిచింది కాదు. ఛాతీ బిగిసి లోపలి గాలి గొంతులోంచి ఒక్క ఉదుటున బయటికి రావడం. వెంటనే పడిపోతాడు. దగ్గర్లో ఉన్న అన్నయ్య చేయాల్సిన మొదటి పని గోడ గడియారమో ఫోనో చూసి 7:10 అని పైకి అనడం. గట్టిగా అంటే ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. ఇది లేకపోతే తర్వాత డాక్టరు ఎంతసేపు వచ్చిందని అడిగితే ‘చాలాసేపు, అరగంట’ అంటారు. భయంలో రెండు నిమిషాలు అరగంటలాగే ఉంటుంది. ఆంబులెన్సు పిలవాలా వద్దా అన్నదీ, ఫిట్స్ ఆపే ముక్కు స్ప్రే కొట్టాలా వద్దా అన్నదీ ఈ టైము మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటి ఇరవై సెకన్లు ఒళ్లంతా బిగుతు, మొహం నీలం. ఆ లోపు టీపాయ్ లాగేయాలి, కళ్లజోడు తీసేయాలి, తల నేలకు కొట్టుకోకుండా తువ్వాలు మడిచి కింద పెట్టాలి. ఏమీ అందకపోతే అరచేతులే పెట్టొచ్చు. ఎత్తైన దిండు పెట్టొద్దు, అది మెడను ముందుకు వంచి గాలిదారిని ఇరుకు చేస్తుంది. తర్వాత చేతులు కాళ్లు లయగా కొట్టుకోవడం మొదలవుతుంది. ఇప్పుడు ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్లు అదిమి పట్టుకోవడం మన ఇళ్లలో మామూలు. పట్టుకుంటే ఫిట్స్ ఆగదు. అది మెదడులో జరుగుతోంది, చేతిలో కాదు. గట్టిగా పట్టుకున్న భుజం కీలు తప్పడం మాత్రం జరుగుతుంది. మెడ దగ్గర గుండీ, టై, చున్నీ, నడుం దగ్గర బెల్టు వదులు చేయాలి. వీలైతే అప్పుడే ఒక పక్కకి వాల్చాలి. బలంగా కొట్టుకుంటూ వీలుకాకపోతే మొహం మాత్రం పక్కకి తిరిగేలా చూసుకుని, కుదుపులు సన్నగిల్లగానే పూర్తిగా తిప్పాలి.

తిప్పే పద్ధతి కాస్త నేర్చుకోవాలి, బరువైన మనిషినైనా ఒక్కరే తిప్పొచ్చు. పేషెంటు పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. మీవైపు ఉన్న చేతిని అతని భుజానికి అడ్డంగా, నేలమీద బయటికి చాపండి. అవతలి చేతిని ఛాతీ మీదుగా తెచ్చి, ఆ చేతి వెనకభాగం మీవైపు చెంపకి ఆనేట్టు పట్టుకోండి. అవతలి మోకాలిని పైకి మడవండి, పాదం నేలమీదే ఉండాలి. ఇప్పుడు ఆ మోకాలిని మీవైపు లాగితే నడుమూ, భుజమూ దానివెంటే తిరుగుతాయి. బలం మోకాలి దగ్గరుంది, భుజం పట్టుకుని లాగితే రాదు. తిరిగాక గడ్డాన్ని కొద్దిగా పైకి ఎత్తండి, నోరు నేలవైపు వాలాలి. చొంగ దానంతటదే బయటికి కారాలి. అది కారుతోందంటే మీరు సరిగ్గా పడుకోబెట్టారన్నమాట. పై మోకాలు ముందుకు మడిచి ఉంటే బోర్లా పడిపోకుండా ఆపుతుంది.

మన అబ్బాయికి 7:12 దాటాక కుదుపుల మధ్య ఎడం పెరుగుతుంది, ఒక పెద్ద నిట్టూర్పు వచ్చి ఒళ్లు మెత్తబడుతుంది. పంట్లాం తడిసి ఉండొచ్చు. గురకతో ఊపిరి మొదలవుతుంది, పెదాల నీలం తగ్గుతుంది. ఇది జరిగిన క్షణం కూడా పైకి అనాలి: ‘7:12, ఆగింది.’ దవడ ఇప్పుడు వదులైంది కాబట్టి చెంచా ఈజీగా పడుతుందని కొందరు ఇప్పుడు పెడతారు! అక్కర్లేదు. అన్నం తింటూ ఉండగా వచ్చినా, వాంతి అయినా, పక్కకి తిరిగి ఉన్న నోటినుంచి బయటికి కనిపిస్తున్నదాన్ని గుడ్డతో తుడవండి, అంతే. లోపలికి వేలు పెట్టి వెతకొద్దు. కట్టుడు పళ్ల సెట్టు ఊడి ముందుకు వచ్చి కనిపిస్తుంటే ఈ దశలో, దవడ పూర్తిగా వదులయ్యాక, తీసి పక్కన పెట్టొచ్చు. కొట్టుకుంటున్నప్పుడు వద్దు.

ఆగిన తర్వాత ఒక నిమిషం ఛాతీని చూస్తూ ఉండాలి. ఇక్కడొక జాగ్రత్త కాగితంలో చిన్న అక్షరాల్లో పోకూడదని వేరే పెట్టెలో రాశాం. గుండె ఆగిపోయి పడినవాళ్లకి కూడా మొదట్లో కొద్ది సెకన్లు ఒళ్లు ఝాడించినట్టు కుదుపులు రావొచ్చు, చూడటానికి ఫిట్స్‌లా ఉంటుంది. తేడా తర్వాత తెలుస్తుంది. ఫిట్స్ అయితే ఆగగానే బరువైన ఊపిరి వరసగా వస్తుంది. గుండె ఆగినవాళ్లకి కుదుపులు ఆగాక ఊపిరి ఉండదు, లేదా అప్పుడొకటి అప్పుడొకటిగా నోరు తెరిచి ఎగపీల్చినట్టు ఉంటుంది. అలా ఉంటే పక్కకి తిప్పి కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టాలి.

108కి ఫోన్ చేయడానికి ఐదు నిమిషాల గీత పెట్టింది ఎందుకంటే, మామూలుగా ఆగిపోయే ఫిట్స్ ఆ లోపే ఆగిపోతుంది. ఐదు దాటినదాన్ని దానంతటదే ఆగుతుందని నమ్మి కూర్చోకూడదు, మందు కావాలి, ఆలస్యమయ్యేకొద్దీ మందుకు లొంగడమూ తగ్గుతుంది. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకుండానే ఇంకోటి మొదలైనా 108. మొట్టమొదటిసారి ఫిట్స్ వచ్చినవాళ్లు, గర్భిణులు, షుగరు ఉన్నవాళ్లు, నీళ్లలో ఉండగా వచ్చినవాళ్లు, పడినప్పుడు తలకి దెబ్బ తగిలినవాళ్లు అయితే ఐదు నిమిషాల కోసం ఎదురుచూడనక్కర్లేదు, ముందే ఫోన్ చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 108 ఉచితం. ఫోన్లో ‘మా వాడికి ఏదో అయిపోతోంది’ అనకుండా ‘ఫిట్స్, మొదలై ఆరు నిమిషాలు, ఆగడం లేదు’ అని, ఊరు, వీధి, దగ్గర్లో గుర్తు చెప్పాలి. ఒకర్ని రోడ్డు మీద నిలబెట్టాలి.

కొందరికి డాక్టర్లు ఇంట్లో పెట్టుకోవడానికి మిడజోలమ్ ముక్కు స్ప్రే రాసిస్తారు. నోటితో పనిలేకుండా మందు ఇచ్చే దారి ఇది, అందుకే నోటి అపోహ ఉన్న ఇళ్లలో దీని గురించి ఎక్కువసేపు కూర్చుని చెప్తాం. లెక్క ఒకసారి చూడండి. పిల్లల డోసు సాధారణంగా కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు. పదిహేను కిలోల పాపకి 3 మిల్లీగ్రాములు. సీసా మీద ఒక్కో స్ప్రేకి 0.5 మిల్లీగ్రాములని ఉంటే ఆరు స్ప్రేలు, ఒక ముక్కులో మూడు, రెండో ముక్కులో మూడు. కానీ ఒక్కో స్ప్రేకి 1.25 మిల్లీగ్రాములు వచ్చే సీసాలూ దొరుకుతాయి. షాపులో ఒకటి లేదని ఇంకోటి ఇస్తే, పాత లెక్కలో ఆరు కొడితే 7.5 మిల్లీగ్రాములు వెళ్లిపోతుంది. రెట్టింపు కంటే ఎక్కువ. ఊపిరి మందగించే ప్రమాదం అక్కడుంది. అందుకే సీసా మారినప్పుడల్లా డాక్టరుకు చూపించి, ఎన్ని స్ప్రేలో సీసాకే టేపు మీద పెద్ద అంకెతో రాసి అంటించుకోవాలి. పాప బరువు పెరిగినప్పుడు కూడా ఆ అంకె మారాలి. మీ అంకె మీ డాక్టరు రాసినదే, పై లెక్క అర్థం కావడానికి మాత్రమే.

స్ప్రే పనిచేయలేదని వచ్చేవాళ్లలో తరచూ కనిపించే లోపాలు రెండు. కొత్త సీసా పంపులో మొదట గాలి ఉంటుంది. దాన్ని గాల్లోకి రెండు మూడుసార్లు కొట్టి, సన్నటి తుంపర వచ్చేదాకా సిద్ధం చేసుకుని ఉండాలి. చేయకపోతే లెక్క ప్రకారం ఆరు కొట్టినా లోపలికి వెళ్లింది నాలుగే. రెండోది, సీసా బీరువాలో, బీరువా తాళం ఊరెళ్లిన మనిషి దగ్గర. అది పిల్లల చేతికి అందని ఎత్తులో ఉండాలి గానీ తాళం వేసిన చోట కాదు. గడువు తేదీ నెలకోసారి చూసుకోవాలి. ఎప్పుడు కొట్టాలన్నది డాక్టరు రాసిస్తారు, మామూలుగా ఐదు నిమిషాల దగ్గర. ఇచ్చాక పాపని పక్కకే ఉంచి ఊపిరి చూస్తుండాలి. మత్తుగా పడుకోవడం మామూలే. ఊపిరి మరీ నెమ్మదైనా, పెదాలు మళ్లీ నీలమైనా, రాసిన డోసు ఇచ్చినా ఆగకపోయినా 108. ఆత్రంతో రెండోసారి కొట్టొద్దు, డాక్టరు ముందే రాసి ఉంటే తప్ప.

జ్వరంతో ఫిట్స్ వచ్చే ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకీ ఇదే పద్ధతి. అదనంగా ఒక్క మాట. కొట్టుకుంటున్న బిడ్డకి జ్వరం సిరప్ నోట్లో పోయొద్దు, చన్నీళ్ల బకెట్లో ముంచొద్దు.

ఆగింది కదా అని అందరూ ఊపిరి పీల్చుకునే సమయంలోనే నోటి ప్రమాదం రెండోసారి వస్తుంది. కళ్లు తెరవగానే అమ్మ నీళ్ల గ్లాసు పట్టుకొస్తుంది. కళ్లు తెరవడం తెలివి రావడం కాదు. చాలామంది పది నిమిషాల నుంచి అరగంట దాకా, కొందరు ఇంకా ఎక్కువసేపు, మాట్లాడినా అర్థంకాని మత్తులో ఉంటారు. నీళ్లు ఇవ్వొచ్చో లేదో తెలుసుకోవడానికి మేం చెప్పే పరీక్ష సులువు. తన పేరు, ఎక్కడ ఉన్నాడో చెప్పగలగాలి. సాయం లేకుండా కూర్చోగలగాలి. తన ఉమ్మి తాను మింగగలగాలి. మూడూ ఉంటే ముందు ఒక్క గుక్క. దగ్గు రాకపోతే ఇంకొంచెం. షుగరు ఉన్నవాళ్లకి కూడా మత్తులో ఉండగా చక్కెర నోట్లో వేయకూడదు. షుగరు పడిపోయి ఫిట్స్ వచ్చిందని అనుమానముంటే ఆంబులెన్సులో గ్లూకోజు ఎక్కించుకోవడమే దారి. ఆ మత్తులో లేచి నడవబోతే చేతులు పట్టి కుర్చీకి కట్టేసినంత పని చేయకండి, భయపడి తిరగబడతారు. మెట్లవైపు, పొయ్యివైపు వెళ్లకుండా అడ్డం నిలబడి, పేరు పెట్టి మెల్లగా పిలుస్తూ ఉంటే చాలు. పడిపోకుండా, కొట్టుకోకుండా, శూన్యంలోకి చూస్తూ పెదాలు చప్పరించడం, గుండీలు పీకడం లాంటివి చేసే రకం ఫిట్స్‌లోనూ అడ్డం నిలబడటమే పని. అక్కడ పక్కకి తిప్పడం కూడా అక్కర్లేదు.

కాగితం రాశాక పనిచేస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి? ‘అర్థమైందా అమ్మా?’ అంటే ప్రతివాళ్లూ అర్థమైందనే అంటారు, మొహమాటానికి. అందుకని అడగడం మానేశాం. పక్కమంచం మీద వాళ్ల బంధువునే పడుకోమని, తువ్వాలు చేతికిచ్చి, ‘ఇప్పుడు ఫిట్స్ వచ్చింది, చేయండి’ అంటాం. చేయి మొదట ఎక్కడికి వెళ్తుందో చూస్తాం. దవడ దగ్గరికి వెళ్తే ఇంకా కాగితం దిగలేదన్నమాట. అప్పుడు మళ్లీ చదివించం. తువ్వాలు పెట్టడం, తిప్పడం మూడు నాలుగుసార్లు చేయిస్తాం. చేతికి ఒక పని అలవాటైతే రెండో పని మరిచిపోతుంది.

ఈ పరీక్షలోనే తేలిన ఇంకో సంగతి బొమ్మ గురించి. చెంచా బొమ్మ వేసి దానిమీద ఎర్రటి ఇంటూ గీస్తే బాగుంటుందనిపిస్తుంది. చదువు రానివాళ్లు ఆ కాగితం చూపించి ‘చెంచా పెట్టమని బొమ్మేశారు కదా’ అన్నారు. ఇంటూ కంటే చెంచా బాగా గుర్తుంటుంది. ఇప్పుడు కాగితంలో చెంచా బొమ్మే లేదు. పక్కకి తిరిగి పడుకున్న మనిషి, తల కింద మడిచిన తువ్వాలు, పక్కన గడియారం, అంతే.

ఆసుపత్రిలో మన మాట విన్నవాళ్లు, ఇంట్లో ఫిట్స్ వచ్చినప్పుడు నిర్ణయం తీసుకునేవాళ్లు చాలాసార్లు ఒకరు కారు. భార్యకి తెలుసు, కానీ అప్పటికప్పుడు చెంచా తెమ్మనేది మామగారు, లేదా గోడ అవతలి పక్కింటాయన. కోడలు పెద్దాయన్ని ‘వద్దు మామయ్యా’ అని ఆపగలిగే పరిస్థితి ప్రతి ఇంట్లో ఉండదు. కాబట్టి డిశ్చార్జి రోజు ఆ పెద్దాయన్నే రమ్మంటాం, రాలేకపోతే ఫోన్లో మాట్లాడతాం. ఆయనకి ఒక పని అప్పజెప్తాం: గడియారం ఆయనది. “నిమిషాలు మీరే చూసి చెప్పాలి నాన్నగారూ, ఐదు అవగానే ఫోన్ చేయమనేది మీరే” అంటే ఆయన చెంచా అడగరు, వాచీ చూసుకుంటారు. కాగితం రెండో కాపీ వంటింటి తలుపుకి లోపలివైపు అంటించమంటాం, చెంచా కోసం పరుగెత్తేది అటే కాబట్టి.

బయట తిరిగేవాళ్లకి, కాలేజీ పిల్లలకి జేబులో పెట్టుకునే చీటీ వేరు. బస్సులో, క్లాసులో చుట్టూ ఉండేవాళ్లకి ముందుగా చెప్పి ఉంచడం కుదరదు కదా. దానిమీద నాలుగే ముక్కలు: ‘నాకు ఫిట్స్ ఉంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్లు కూడా. 5 నిమిషాలు దాటితే 108.’ కింద ఇంటి ఫోన్ నంబరు, వాడుతున్న మందుల పేర్లు, డోసులు. మందు మారిన ప్రతిసారీ చీటీ మార్చాలి. పాత చీటీ ఉంటే క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ఆపేసిన మందు ఇంకా వాడుతున్నారనుకుని దాన్నిబట్టే చికిత్స మొదలుపెట్టే అవకాశం ఉంది.